కాపీ మొదలయ్యేది పరీక్ష హాల్లో కాదు, జూన్‌లో ఇంటి దగ్గర
ఆదోని ప్రాంతంలో ఒక లెక్కల అయ్యవారు పదో తరగతి పిల్లలకు చెప్పిన మాటలు

ఆదోని: మార్చి నెల వచ్చిందంటే పడమటి కర్నూలు పల్లెల్లో సగం ఇళ్ళకు తాళాలు కనిపిస్తాయి. పెద్దలు సుగ్గికి పోయి గుంటూరు వైపు మిరపకాయలు కోస్తూ ఉంటారు. ఊళ్ళో ముసలివాళ్ళు, మేకలు, పదో తరగతి చదివే పిల్లలు మిగులుతారు. 2025 మార్చి మొదటి వారంలో ఆదోని డివిజన్‌లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పిల్లలకు హాల్ టికెట్లు ఇచ్చారు. ఆ మధ్యాహ్నం లెక్కల అయ్యవారు వేపచెట్టు కింద నిలబడి గంటకు పైగా మాట్లాడారు. పూలదండలు లేవు, మైకు లేదు. వచ్చిన తల్లిదండ్రులు పట్టుమని పదిమంది కూడా లేరు. పరీక్షలు 17వ తేదీన మొదలు కావలసి ఉంది.

ఆయన స్వస్థలం కడప జిల్లా జమ్మలమడుగు ప్రాంతం. ఏళ్ళ తరబడి స్పాట్ వాల్యుయేషన్‌కు పోయి పేపర్లు దిద్దిన అనుభవం ఉంది. పేరు వేయవద్దన్నారు. "నేను చెప్పింది బాగుంటే పిల్లలకు ఉపయోగపడుతుంది, బాగలేకపోతే నా పేరెందుకు?" అని నవ్వారు. అందువల్ల ఇక్కడ ఆయనను అయ్యవారు అనే వ్యవహరిస్తున్నాం.

ఈ ప్రసంగాన్ని ఇంత వివరంగా ప్రచురించడానికి కారణం ఉంది. 2024 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రం మొత్తం మీద నూటికి 86.69 మంది ఉత్తీర్ణులైతే, కర్నూలు జిల్లాలో 62.47 మంది మాత్రమే గట్టెక్కారు. జిల్లాలన్నింటిలో మనది చివరి స్థానం. అంటే బల్ల మీద కూర్చున్న ప్రతి ఎనిమిది మందిలో ముగ్గురు తప్పారన్నమాట. దీనికి ఎవరి కారణాలు వారు చెబుతున్నారు. వలసలు, ఖాళీ పోస్టులు, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాయవలసి రావడం, ఇవన్నీ ఉన్నవే. అయ్యవారు మాత్రం మరో కారణం చెప్పారు. అది వినడానికి చేదుగా ఉంటుంది.

ఆయన సభకు వస్తూ రెండు నోటు పుస్తకాలు తెచ్చారు. మొదటిది పైకెత్తి చూపారు. అట్టకు కాగితం చుట్టి, మార్జిన్లు గీసి, ఎర్ర సిరాతో శీర్షికలు పెట్టి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన పుస్తకం. ప్రతి అధ్యాయంలో ప్రతి లెక్కా చేసి ఉంది. ఒక్క కొట్టివేత లేదు. రెండోది నలిగిపోయిన పుస్తకం. పేజీకి నాలుగు కొట్టివేతలు, పక్కన ప్రశ్నార్థకాలు, కొన్నిచోట్ల సగం చేసి వదిలేసిన లెక్కలు.

"ఈ రెండింట్లో ఏది మంచి పుస్తకం?" అని అడిగారు. అందరూ మొదటిదే అన్నారు.

"మొదటి పుస్తకం గల పిల్లవానికి ప్రీ ఫైనల్లో నూటికి ఇరవై రెండు వచ్చినాయి. ఈ రెండో పుస్తకం పాపకు ముప్పై ఒకటి. ఎందుకట్లయింది? మొదటి పుస్తకంలో లెక్కలు చేసింది వాడు కాదు, గైడు. వాడు అక్షరాలు దించుకున్నాడు. ఒక్క కొట్టివేత లేదంటేనే నాకు అనుమానం వస్తుంది. లెక్క చేసే మనిషికి తప్పులు పోతాయి. గైడు చూసి దించేవానికి తప్పులు పోవు" అన్నారు అయ్యవారు.

ఆ పిల్లవాడెవరో ఆయన చెప్పలేదు. అయితే చాలామంది తలలు దించుకున్న మాట నిజం.

ఆయన అభిప్రాయంలో కాపీ అనేది పరీక్ష హాల్లో పుట్టే దొంగతనం కాదు. బడి తెరిచిన జూన్‌లో ఇంటిపని గైడు చూసి దించినప్పుడే అది మొదలవుతుంది. ఎనిమిది నెలలు అలా దించినవానికి తనకు ఏది వచ్చో ఏది రాదో తెలియదు. పుస్తకం నిండి ఉంది కాబట్టి అన్నీ వచ్చనుకుంటాడు. మార్చిలో ఎదురుగా పుస్తకం లేకుండా కూర్చోబెట్టినప్పుడు మొదటిసారి నిజం తెలుస్తుంది. అప్పుడు చెయ్యి పక్కవాని పేపరు వైపు పోతుంది. "హాల్లో కాపీ కొట్టేవానికి ఆ రోజు దురాలోచన పుట్టలేదు నాయనా, వానికి వేరే పని చేతగాదు. ఏడాదంతా నేర్చుకున్న విద్య అదే" అన్నారు.

ఈ మాటలో కొంత కాఠిన్యం లేకపోలేదు. ఉపాధ్యాయులు కూడా నిండిన పుస్తకం చూసి సంతకం పెట్టేవారే కదా అని సభ తర్వాత అడిగాం. "పెట్టినాము. నూరు పుస్తకాలు రెండు గంటల్లో చూడాలంటే నిండినాయా లేదా అనేదే చూస్తాము" అని ఒప్పుకున్నారు.

రెండో పుస్తకం సంగతి ఆయన ఎక్కువసేపు చెప్పారు. ఆ బాలిక తల్లిదండ్రులు దీపావళి కాగానే సుగ్గికి పోయారు. చెల్లెలిని చూసుకోవడానికి ఈమెను కూడా వెంట తీసుకుపోయారు. సంక్రాంతి తర్వాత అయ్యవారు, తోటి ఉపాధ్యాయులు ఫోన్లు చేసి బతిమాలితే వెనక్కి పంపారు. ఇప్పుడు అవ్వ దగ్గర ఉంటోంది. రెండున్నర నెలల పాఠాలు పోయాయి. ఫిబ్రవరి ఒకటో తేదీ నుంచి పరీక్షల ముందురోజు దాకా నలభై నాలుగు రోజులు మిగిలాయి.

ఆ నలభై నాలుగు రోజులకు అయ్యవారు పెట్టిన పద్ధతి ఇది. రోజుకు మూడు కొత్త లెక్కలు, మూడు పాత లెక్కలు. అంతకు మించి చేయకూడదు, అంతకు తగ్గకూడదు. కొత్త లెక్కను మొదట పాఠ్యపుస్తకంలో చేసి ఉన్న మాదిరి చూసి అర్థం చేసుకోవాలి. తర్వాత పుస్తకం మూసి, పక్కన పెట్టి, తనంతట తాను రాయాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ గీత గీసి వదిలేయాలి. ఆ తర్వాతనే పుస్తకం తెరవాలి. తాను రాసినదానిని చెరపకుండా, తప్పు పోయినచోట ఎర్ర సిరాతో సరిదిద్దాలి. మూడు రోజుల తర్వాత అదే లెక్క పాత లెక్కల జాబితాలోకి వస్తుంది. అప్పుడు మాదిరి చూడకుండానే మొదలు పెట్టాలి.

మూడు రోజుల విరామం ఎందుకని ఒక తండ్రి అడిగారు. అయ్యవారి సమాధానం ఆయనకు తెలిసిన సేద్యం మీదుగానే వచ్చింది. "చేసిన వెంటనే మళ్ళీ చేస్తే చెయ్యి దానంతట అదే పోతుంది, బుద్ధికి పని ఉండదు. కొంత మరిచిపోయినాక గుర్తు తెచ్చుకుంటేనే నిలుస్తుంది. మీరు గొర్రు తోలిన మరునాడే గుంటక పాస్తారా? మొలక రావాలి, వాటితోపాటు కలుపు కూడా కనపడాలి. అప్పుడు పాస్తేనే కలుపు పోతుంది. ఇదీ అంతే. మూడు దినాలకు కలుపు బయటపడుతుంది."

మొదటి వారం ఆ బాలిక పుస్తకం మూసి చేసిన పది లెక్కల్లో మూడు మాత్రమే సరిగ్గా వచ్చాయి. ఆమె ఏడ్చి పుస్తకం దాచిపెట్టిందట. అయ్యవారు ఆ పది లెక్కలూ చూసి, తప్పిన ఏడింటిలో అయిదు ఒకే రకమని కనిపెట్టారు. సూత్రాలు తెలుసు, లెక్క ఎక్కించడం తెలుసు, కాని మైనస్ గుర్తు బ్రాకెట్టు ముందు వచ్చినప్పుడల్లా లోపలి రెండో గుర్తు మార్చడం మరిచిపోతోంది. ఇది పదో తరగతి తప్పు కాదు, ఏడో తరగతిలో పోయిన పాఠం. రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి అదొక్కటే చేయించారు. నాలుగో వారానికి పదింటిలో ఆరు సరిగ్గా రావడం మొదలైంది.

"గైడు చూసి దించి ఉంటే ఈ పాపకు ఏమి రాదో నాకు పదేళ్ళయినా తెలిసేది కాదు. తప్పు రాసింది కాబట్టే దొరికింది" అని ఆయన పిల్లలతో అన్నారు. తప్పును దాచకుండా రాయడమే తన దృష్టిలో నిజాయితీ అనీ, హాల్లో చీటీ పెట్టుకోకపోవడం దాని తర్వాతి సంగతి అనీ వివరించారు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేశారు. ఈ పద్ధతి ఆఖరి వారంలో మొదలు పెడితే పనికిరాదు. పదిహేను రోజులే మిగిలినవారు కొత్త అధ్యాయాల జోలికి పోకుండా, సగం వచ్చిన అధ్యాయాలను పూర్తిగా తెచ్చుకోవాలన్నారు. రాత్రి రెండింటి దాకా మేల్కొని చదివి మరునాడు బడిలో తూగేవారిని పేరుపెట్టి మందలించారు. ఇలాంటి చదువు ఒక్కరోజు వానలాంటిదట. మెట్ట చేలో ఆ నీళ్ళు మట్టిని కోసుకొని వంకలో కలుస్తాయే గాని లోపలికి ఇంకవు.

ఆ తర్వాత ప్రసంగం జవాబుల మీదికి మళ్ళింది. అయ్యవారు నల్లబల్ల తెప్పించి చెట్టుకు ఆనించారు. ఒక అంకశ్రేఢి రాశారు: 3, 7, 11 అని మొదలై అలాగే నాలుగు నాలుగు పెరుగుతూ పోతే మొదటి ఇరవై పదాల మొత్తం ఎంత? ఇది నాలుగు మార్కుల ప్రశ్న అనుకోమన్నారు.

ముగ్గురు విద్యార్థుల జవాబులు ఊహించి పక్కపక్కన రాశారు. మొదటివాడు మొదటి పదం 3, తేడా 4, పదాల సంఖ్య 20 అని రాసుకున్నాడు. సూత్రం రాశాడు. అంకెలు ఎక్కించాడు. 20లో సగం 10, బ్రాకెట్టులో 6 కూడిక 76, అంటే 82, మొత్తం 820. నాలుగుకు నాలుగు మార్కులు.

రెండోవాడు అన్నీ అలాగే రాశాడు గాని, పందొమ్మిది నాలుగులు 86 అని వేశాడు. 6 కూడిక 86, మొత్తం 92. జవాబు 920 వచ్చింది. జవాబు తప్పే. కాని పేపరు దిద్దేవారికి ఇచ్చే సూచనల్లో మార్కులు మెట్టు మెట్టుకూ పంచి ఉంటాయి. విలువలు గుర్తించినందుకు, సూత్రానికి, ఎక్కించినందుకు మార్కులు పడతాయి. ఆఖరి మెట్టు దగ్గరే పోతుంది. సాధారణంగా మూడు మార్కులైనా దక్కుతాయని అయ్యవారు తన అనుభవం మీద చెప్పారు.

మూడోవాడు సూత్రం రాయలేదు, ఏమీ రాయలేదు. 820 అని ఒక్క అంకె వేశాడు. జవాబు సరైనదే! అయినా దిద్దేవారు మార్కు దేనికి వేయాలి? "ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో పేపరు చెప్పదు. కిటికీలోనుంచి వచ్చిందా, పక్కవాని దగ్గరనుంచి వచ్చిందా? తప్పు జవాబు రాసిన రెండోవానికి మూడు మార్కులు, ఒప్పు జవాబు రాసిన మూడోవానికి ఒకటి వస్తే గొప్ప. ఇది నేను చెప్పే నీతి కాదు, మార్కుల లెక్క" అని ఆయన అన్నప్పుడు పిల్లల్లో గుసగుసలు వినిపించాయి.

ఒక కుర్రవాడు లేచి, "మరి పక్కవాని దగ్గర మెట్లు కూడా చూసి రాస్తే, సార్?" అని అడిగేశాడు. అందరూ నవ్వారు. అయ్యవారు కోప్పడలేదు.

"మంచి ప్రశ్న. నీ పక్కన కూర్చున్నది ఆ రెండోవాడే అనుకో. నీవు కూడా 86 వేసి 920 తెస్తావు. నీ వెనకవాడూ 920, వాని వెనకవాడూ 920. మా ముందుకు ఆ గది కట్ట వస్తుంది. మాకు మీ ఊరు తెలియదు, పేరు తెలియదు, బార్‌కోడే కనపడుతుంది. మీ పేపర్లు మన జిల్లాలో కూడా ఉండవు, వేరే జిల్లాకు పోతాయి. అయినా వరసగా నాలుగు పేపర్లలో ఒకేచోట ఒకే తప్పు కనపడితే దిద్దేవానికి ఏమి తెలియాలో అది తెలుస్తుంది. సరైన జవాబు అందరికీ ఒకటే ఉంటుంది నాయనా, తప్పు మాత్రం ఎవరిది వారికే ఉండాలి. నలుగురికీ ఒకే తప్పు రాదు."

అలాంటి పేపర్లు చీఫ్ ఎగ్జామినర్ దాకా పోతాయని, ఆ తర్వాత ఏమవుతుందో తమ చేతిలో ఉండదని చెప్పారు. దిద్దేవారు రోజుకు సుమారు నలభై పేపర్లు చూస్తారు. కాబట్టి జాలి పుట్టించే రాతలకు తీరిక ఉండదు. "అయ్యా, మా నాయన లేడు, పాస్ చేయండి" అని రాసేవారు, జవాబు పుస్తకంలో నోటు మడిచి పెట్టేవారు, పైన దేవుని పేరు వేసి కింద హాల్ టికెట్ నెంబరు మళ్ళీ వేసేవారు ఇప్పటికీ ఉన్నారట. ఇవన్నీ విద్యార్థిని గుర్తుపట్టించే ప్రయత్నాల కిందికే వస్తాయి. మేలు చేయకపోగా కీడు చేస్తాయని హెచ్చరించారు.

మరి ఆ రెండోవాడు తన తప్పును తానే పట్టుకోగలడా? అయ్యవారు బల్ల మీద చూపించారు. ఇరవై నాలుగులు ఎనభై. పందొమ్మిది నాలుగులు ఎనభై దాటుతాయా? దాటవు. మరి 86 ఎట్లా వస్తుంది? లెక్క చివర ఇలా ఒక్క నిమిషం నిలబడి, వచ్చిన అంకె నమ్మదగినదా కాదా అని తననే ప్రశ్నించుకుంటే ఆ పోయిన మార్కు కూడా దక్కుతుంది. శ్రేఢిలో ఇరవయ్యో పదం 79. మొదటి పదం 3తో కలిపితే 82. ఇలాంటి జతలు పది, కాబట్టి 820. రెండు దారుల్లో ఒకే ఊరు చేరితే దారి సరైనదే. ఈ పని కాపీ కొట్టినవాడు చేయలేడు, ఎందుకంటే వానికి మొదటి దారే తెలియదు.

ఈ సందర్భంలోనే అయ్యవారు 2022 నాటి సంగతి ఎత్తారు. ఆ ఏడాది ఏప్రిల్ 27న, పదో తరగతి పరీక్షల మొదటి రోజే, కొత్తగా ఏర్పడిన నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని ఒక కేంద్రం నుంచి తెలుగు ప్రశ్నపత్రం ఫొటోలు సెల్‌ఫోన్ల ద్వారా బయటికి వచ్చిన విషయం పాఠకులకు తెలిసిందే. పరీక్ష మొదలైన తర్వాత ఈ పని జరిగిందని అధికారులు ప్రకటించారు. ఉపాధ్యాయులతో సహా పలువురిని పోలీసులు అరెస్టు చేశారు. పబ్లిక్ పరీక్షల్లో అక్రమాలను నేరంగా పరిగణించి జైలు శిక్ష విధించే చట్టం 1997 నుంచీ ఉన్నదే.

అయ్యవారు ఆ కేసు వివరాల్లోకి పోలేదు. "పట్టుబడింది పిల్లలు కాదు, మా కులం వాళ్ళు, అయ్యవార్లు. తెలుగు పేపరుకు, అది కూడా మాతృభాష పేపరుకు, బయటినుంచి జవాబులు అందించవలసి వచ్చిందంటే సంవత్సరమంతా మేమేమి చెప్పినట్లు?" అని మాత్రం అన్నారు. సభలో ఉన్న తోటి ఉపాధ్యాయులు ఈ మాటకు కొంచెం ఇబ్బంది పడ్డట్లు కనిపించింది. అయినా ఆయన ఆపలేదు. ఇన్విజిలేటరుగా తాము పోయిన కేంద్రాల్లో గోడ అవతల నిలబడి చీటీలు విసిరే అన్నలను, మామలను చూశామని, వారిలో చదువుకున్నవారే ఎక్కువని చెప్పారు. విసిరిన చీటీ సగంసార్లు వేరే ప్రశ్నకు జవాబుగా ఉంటుందట. దానిని నమ్మి పిల్లవాడు తాను రాసిన సరైన జవాబు కొట్టేసిన సందర్భాన్ని ఆయన స్వయంగా చూశారు.

2022 ఫలితాల సంగతి కూడా గుర్తు చేశారు. కరోనా వల్ల 2020, 2021 సంవత్సరాల్లో పరీక్షలు లేకుండానే అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. తర్వాత 2022లో మళ్ళీ పరీక్ష పెడితే రాష్ట్రంలో నూటికి 67.26 మందే గట్టెక్కారు. రెండేళ్ళ చదువు ఇంటిపట్టున పోయింది, ఆ లోటును ఆ ఏడు ఏ చీటీలూ పూడ్చలేకపోయాయి అన్నది ఆయన వాదం.

ఇక హాల్లో సమయం గురించి. లెక్కల పేపరుకు మొత్తం మూడు గంటల పదిహేను నిమిషాలు. అందులో మొదటి పదిహేను నిమిషాలు ప్రశ్నలు చదువుకోవడానికి. మిగిలిన నూట ఎనభై నిమిషాల్లో నూరు మార్కులకు రాయాలి. ఒక మార్కు ప్రశ్నలు పన్నెండు, రెండు మార్కులవి ఎనిమిది, నాలుగు మార్కులవి ఎనిమిది, ఎనిమిది మార్కులవి అయిదు. వీటికి వరసగా పదిహేను, ముప్పై, యాభై అయిదు, అరవై అయిదు నిమిషాలు కేటాయించుకుంటే చివర పదిహేను నిమిషాలు సరిచూసుకోవడానికి మిగులుతాయి. మార్కులు తక్కువని చిన్న ప్రశ్నలను చులకన చేయరాదు. మొదటి రెండు విభాగాలు కలిపితేనే ఇరవై ఎనిమిది మార్కులు, గట్టెక్కడానికి కావలసింది ముప్పై అయిదు.

ఒక్క ప్రశ్న మీద మోజు పడి మిగతావి పోగొట్టుకోవద్దని చెబుతూ, కడపవారందరికీ ప్రియమైన పుట్టపర్తి నారాయణాచార్యుల ఉదంతం చెప్పారు. ఆచార్యులవారు బాల్యంలో రాసిన 'పెనుగొండ లక్ష్మి' కావ్యం తర్వాత విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథమైంది. ఆయన ఆ పరీక్షకు కూర్చున్నప్పుడు తాను రాసిన పుస్తకాన్నే తాను పాఠంగా చదవవలసి వచ్చింది. తన కావ్యం మీద ప్రశ్న రాగానే ఉత్సాహం పట్టలేక దానికే పేజీలకు పేజీలు రాసి, తక్కిన ప్రశ్నలకు వేళ చాలక దెబ్బతిన్నారని ఈ ప్రాంతంలో పెద్దలు చెప్పుకుంటారు. "పద్నాలుగు భాషలు చదివిన మహానుభావుడని పేరు. పుస్తకం రాసినవాడికే గడియారం ఆగలేదంటే, నీకూ నాకూ ఆగుతుందా?" అని అయ్యవారు అనేసరికి అంతసేపూ బిగుసుకొని కూర్చున్న పిల్లలు గలగలా నవ్వారు.

తెలియని ప్రశ్న ఎదురైతే ఏమి చేయాలని ఒక బాలిక అడిగింది. తెలిసినంతవరకు రాయమన్నారు. బొమ్మ గీయవలసిన లెక్కయితే బొమ్మ గీసి కొలతలు వేయాలి. సూత్రం గుర్తుంటే సూత్రం రాయాలి. అక్కడితో ఆగితే ఆగినట్లే వదిలేయాలి. అంతేగాని ఆఖరున ఏదో ఒక అంకె కల్పించి జవాబుగా పెట్టరాదు. జాగా నింపడానికి ప్రశ్ననే తిరిగి రాసిపెట్టరాదు. సగం వచ్చిన లెక్క సగం వచ్చినట్లు కనపడితే దిద్దేవారు ఆ సగానికి వెతికి మార్కు వేస్తారని, కల్పించిన అంకె చూస్తే వెతకబుద్ధి కాదని తన మనసులో మాట చెప్పారు.

ఫలితాలు వచ్చాక అనుమానముంటే మార్కులు తిరిగి లెక్కించమని, పేపరు మళ్ళీ పరిశీలించమని రుసుము చెల్లించి కోరవచ్చు. తప్పినవారికి కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. ఈ సంగతి తెలియక మే నెలలోనే పిల్లలను బెంగుళూరు పనులకు పంపేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. అక్కడున్న తల్లిదండ్రులతో అయ్యవారు ఈ మాట రెండుసార్లు చెప్పారు. "ఒక్క సబ్జెక్టు పోతే ఒక్క సబ్జెక్టే రాయాలప్పా. ఫలితం చూసిన దినం బండి ఎక్కించొద్దండి. నాకు ఒక్క ఫోను చేయండి."

సభ ముగిశాక ఆ రెండో పుస్తకం బాలికను పలకరించాం. ఆమెకు తెలుగు, సాంఘిక శాస్త్రాల మీద ధైర్యం ఉంది, లెక్కలంటే ఇంకా జంకు. నోటు పుస్తకం చివరి పేజీలో రోజుల సంఖ్య వేసుకొని ఒక్కొక్కటి కొట్టేస్తూ వస్తోంది. నడుమ రెండు రోజులు కొట్టకుండా ఉన్నాయి. ఎందుకని అడిగితే, ఆ రెండు రోజులూ అవ్వకు జ్వరం, లెక్కలు చేయలేదని చెప్పింది. చేయని దినం కొట్టేయకూడదని సార్ చెప్పారట.

ఆమె పరీక్ష కేంద్రం వేరే ఊళ్ళో పడింది. హాల్ టికెట్ చూపిస్తే పల్లెవెలుగు బస్సుల్లో ఛార్జీ లేదని అయ్యవారు చెప్పారు గాని, ఉదయం తొమ్మిదిన్నరకు పరీక్షయితే మొదటి బస్సు ఎన్ని గంటలకు వస్తుందో ఎవరికీ రూఢిగా తెలియలేదు. ఆ సాయంత్రమే ఇద్దరు ఉపాధ్యాయులు ఆదోని డిపోకు ఫోను చేసి కనుక్కునే పనిలో పడ్డారు.